పదిహేడో పేరాలో మాట్లాడింది ఎవరు

అనంతపురంలో లా పాఠాలు చెప్పేవాళ్ళు రెండు రకాలు. చదువుకుని వచ్చి పాఠం చెప్పేవాళ్ళు ఒక రకం. కోర్టులో కేసులు లేక పొద్దున పూట పాఠం చెప్పి, పదిన్నరకు నల్లకోటు భుజాన వేసుకుని కోర్టుకు పరిగెత్తేవాళ్ళు రెండో రకం. నేను రెండో రకం. ఆ సంగతి విద్యార్థులకు తెలియనివ్వకూడదని ఇరవై రెండేళ్ళుగా గొంతు పెంచి పాఠం చెప్తున్నాను.

నేను చెప్పేది క్రిమినల్ లా. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ వాళ్ళకు ప్రతి సెమిస్టరులోనూ ఒక వ్యాసం రాయించి ఇరవై మార్కులకు దిద్దాలి. ఎనిమిది రాకపోతే హాల్ టికెట్ రాదు, హాల్ టికెట్ రాకపోతే ఆ ఏడు పోయినట్టే. ఇంత అధికారం నా చేతిలో పెట్టిన వాళ్ళు నన్ను ఎప్పుడూ కోర్టులో చూసి ఉండరు.

ఆ ఏడాది ప్రశ్న హత్యకు, హత్య కిందకు రాని నరహత్యకు తేడా గురించి. అంతకు ముందు ఏడాది మార్చి నెలలో చేను గట్టు దగ్గర తిట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు. పొద్దున తిట్టు పడింది, సాయంత్రం కొడవలి పడింది. తీవ్రమైన ఆకస్మిక ఉద్రేకంలో చేశాడని చెప్పుకుంటే చెల్లుతుందా? చట్టాన్నీ తీర్పుల్నీ సరిగ్గా ఉదహరిస్తూ రాయండి అన్నాను. ఆ సంవత్సరం జులై ఒకటి నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందుకే కావాలని మార్చి పెట్టాను. నేరం ఏ రోజు జరిగిందో ఆ రోజున్న చట్టమే దానికి వర్తిస్తుంది కాబట్టి ఐపీసీ మూడు వందలో సెక్షను, ఆకస్మిక ఉద్రేకంలో చంపితే అది హత్య కాదనే దాని మొదటి మినహాయింపు రాయాలి. కావాలంటే పక్కన సంహితలో అది నూట ఒకటో సెక్షను అని చూపొచ్చు. ఇంత తెలివైన ప్రశ్న తయారుచేసినందుకు ఆ రోజు నాకు నేనే ఒక టీ ఎక్కువ తాగించుకున్నాను.

నలభై ఒక్క పేపర్లు వచ్చాయి. ఏప్రిల్ ఎండ, మధ్యాహ్నం కరెంటు కోత, ముందు గదిలో నేల మీద తడిగుడ్డ పరిచి కూర్చుని ఎర్రపెన్ను తీశాను.

కాలేజీ గేటు ఎదురుగా ఒక జిరాక్సు, డీటీపీ అంగడి ఉంది. సీనియర్ల వ్యాసాలన్నీ ఆ అంగడి కంప్యూటర్లో ఉంటాయి. పేరు మార్చి, తేదీ మార్చి, స్పైరల్ వేసి ఇస్తారు. కొత్త చట్టం వచ్చిందని తెలిసి అంగడాయన కూడా అప్‌డేట్ అయ్యాడు. ఐపీసీ అన్న చోటల్లా బీఎన్‌ఎస్ అని ఒక్క నొక్కుతో మార్చేశాడు. సెక్షన్ల నంబర్లు మాత్రం అవే ఉంచాడు, పాపం వాటి మీద ఆయనకు కోపం లేదు. దాంతో మా వాళ్ళు ముప్పై మందికి పైగా, బీఎన్‌ఎస్ మూడు వందల రెండు కింద హంతకుడికి ఉరిశిక్ష వేయొచ్చని రాశారు. సంహితలో ఆ నంబరు కింద ఉన్నది మతపరమైన మనోభావాలు గాయపడేలా మాట్లాడిన నేరం. హత్యకు శిక్ష నూట మూడో సెక్షనులో ఉంది. ఆ లెక్కన అన్నను నరికిన తమ్ముడు దేవుడి మీద ఒక మాట అన్నవాడికి పడే శిక్షతో ఊరికి పోవచ్చు. నాలుగు వందల ఇరవై కూడా కొందరు రాశారు. సంహిత మొత్తం మూడు వందల యాభై ఎనిమిది సెక్షన్లతో అయిపోతుంది. మిగతావి వీళ్ళు సొంతంగా చట్టం చేసుకున్నట్టున్నారు.

అంతటితో ఆగలేదు. ఆ ఒక్క నొక్కు తీర్పుల్లో నుంచి ఎత్తి రాసిన వాక్యాల్లోకి కూడా పోయింది. యాభై అరవై ఏళ్ళ కిందట పోయిన న్యాయమూర్తులు తమ తీర్పుల్లో భారతీయ న్యాయ సంహిత గురించి చక్కగా వివరిస్తున్నారు. ఇంతటి ముందుచూపు ఉన్న సుప్రీంకోర్టు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఎదుటివాడి మాట, అందులో మనం చెయ్యి పెట్టకూడదు అని నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో.

కేసుల సంగతి ఇంకో రకం. తీర్పులు అచ్చువేసే పుస్తకాల్లో ఏఐఆర్ అయితే ఏఐఆర్ అని రాసి, సంవత్సరం రాసి, సుప్రీంకోర్టుకు ఎస్‌సీ అని రాసి, తీర్పు మొదలయ్యే పేజీ రాస్తే చాలు, బ్రాకెట్లు అక్కర్లేదు. ఎస్‌సీసీ అనే ఇంకో పుస్తకమైతే సంవత్సరాన్ని గుండ్రటి బ్రాకెట్లో పెట్టి వాల్యూం, పేజీ రాయాలి. మనకు కావలసిన మాట ఏ పేరాలో ఉందో చివర చెప్పాలి. మా వాళ్ళు బ్రాకెట్లను పెళ్ళిలో అక్షింతల్లాగా చల్లారు. హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు తలకు చుట్టినవాళ్ళు, ఎవరో పుస్తకంలో ఎత్తి రాసినదాన్ని తామే తీర్పు చదివినట్టు చూపించినవాళ్ళు, పైన ఏ ఫుట్‌నోటు ఉందో చూడకుండా కింద 'అదే' అని పెట్టి బెయిలు కేసును హత్య కేసుకు అంటగట్టినవాళ్ళు. ఫోన్‌ను అడిగి ఒకరు తెచ్చిన కేసు నేను ఎంత వెతికినా దొరకలేదు. ఆ పేజీలో సేల్స్ ట్యాక్సు గొడవ ఉంది. కేసు పేరు మాత్రం చాలా బాగుంది.

ఇన్ని తప్పుల మధ్య నన్ను సంతోషపెట్టింది ఒక్కటే. ఉద్రేకం మీద నేను పాఠంలో చెప్పిన ముఖ్యమైన తీర్పును నలభై మంది రాశారు. కేసు పేరు ఇక్కడ రాయను, ముద్దాయి మనవలు ఎక్కడో మర్యాదగా బతుకుతూ ఉంటారు. 'కోపం ఆ క్షణంలోనే రానక్కర్లేదు, లోపల లోపల పేరుకున్న కోపమైనా, మధ్యలో చల్లబడే సమయం ఉన్నా, మినహాయింపు వర్తిస్తుందని కోర్టు అన్నది, పదిహేడో పేరా.' నలభై పేపర్లలో అక్షరం తేడా లేకుండా ఇదే. నా పాఠం ఇంత బాగా ఎక్కిందా అని మురిసిపోయాను. ఆ వాక్యం దగ్గర అందరికీ ఒక టిక్కు వేసి, మిగతా తప్పులకు కోత పెట్టి, పది పది మార్కులు వేసి కరుణించాను.

నలభై ఒకటో పేపరు చేతిరాతలో ఉంది. నంబర్లు పాతవి రాసి, పక్కన కొత్తవి చూపి, నేరం తేదీ ఫలానా కాబట్టి పాత చట్టమే వర్తిస్తుందని ఒక వాక్యం కూడా ఉంది. సరే, తెలివైనదే అనుకున్నాను. కిందకు వచ్చేసరికి అదే తీర్పు, కానీ తలకిందులుగా ఉంది. 'చల్లబడే సమయం దొరికిన తర్వాత చేస్తే మినహాయింపు వర్తించదు, పేరుకున్న కోపమన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు, ఇరవై ఒకటో పేరా.' నా ఒంటికి కారం రాసినట్టయింది. నలభై మందికి అర్థమైన పాఠం ఈ ఒక్కరికి అర్థం కాలేదంటే క్లాసులో నిద్రపోయిందని కదా అర్థం. ఎర్రపెన్నుతో అడ్డంగా గీత కొట్టి, 'తీర్పు చదవకుండా రాయొద్దు' అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆ వ్యాసమంతా ఆ తీర్పు మీదే నిలబడింది కాబట్టి ఇరవైకి ఆరు వేశాను. లిస్టు ఆఫీసులో ఇచ్చి చేతులు దులుపుకున్నాను.

ఆ పేపరు రాసిన అమ్మాయిది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఇంట్లో గొర్రెలు. డిగ్రీ అయ్యాక ఒక సీనియర్ ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేరి, ఆరేళ్ళుగా మా కోర్టులోనే ఉంది. మా ఊళ్ళో ఆడ గుమాస్తాలు అరుదు కాబట్టి కోర్టులో అందరికీ తెలుసు. పొద్దున క్లాసు, పదిన్నర నుంచి కోర్టు, నాలాగే. తేడా ఒక్కటే, ఆమె చేతిలో ఎప్పుడూ పుస్తకాలు ఉంటాయి.

లిస్టు గోడకు పెట్టిన రోజు పొద్దున నా దగ్గరికి వచ్చింది.

"సార్, నాకు ఆరు వేసినారు. ఎందుకు?"

"పేపర్లో రాశాను కదమ్మా, చూసుకోలేదా?"

"చూసినా సార్. తీర్పు చదవకుండా రాయొద్దన్నారు. నేను చదివే రాసినా."

"నలభై మంది ఒకటి రాస్తే నువ్వొక్కదానివే ఇంకోటి రాశావు. నలభై మందీ తప్పా?"

"వాళ్ళు యాడ చూసి రాసినారో నాకు తెలీదు సార్. నేను బార్ లైబ్రరీలో పుస్తకం చూసినా."

"తప్పు పుస్తకం చూసుంటావు," అన్నాను. నాకు కోర్టు టైమవుతోంది. నిజానికి ఆ రోజు నాకు ఒక్క వాయిదా కూడా లేదు.

ఆమె పక్కకు జరగలేదు. "సార్, ఇంటర్నల్ పోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతాది. ఈ ఏడు పోతే ఇంట్లో మళ్ళా పంపరు. మా నాయన అప్పుడే అంటాండాడు, నీ చదువు చాలు, గొర్లకు ఇంకొక మనిషి కావల్ల అని. నాకు మార్కులు దానంగా వద్దు సార్. ఒకసారి పుస్తకం చూడండి, అంతే."

"చూద్దాంలే," అన్నాను. చూద్దాంలే అన్న మాటను మా వృత్తిలో ఎప్పుడు వాడతామో ఆమెకు ఆరేళ్ళుగా తెలుసు.

మర్నాడు పదకొండు గంటలకు కోర్టు వరండాలో నిలబడి, కేసు ఉన్నవాడిలా ఒక ఫైలు చంకలో పెట్టుకుని ఉన్నాను. ఆమె లావుపాటి పాత ఏఐఆర్ వాల్యూం రెండు చేతులతో ఎత్తుకుని వచ్చింది. మధ్యలో ఒక తెల్ల కాగితం ముక్క. మా కోర్టుల్లో గుమాస్తా పుస్తకం ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. మూసిన పుస్తకం ఎవరికీ ఇవ్వరు. కాగితం పెట్టిన పేజీ తెరిచి, చదవాల్సిన పేరా మీద వేలు పెట్టి అందిస్తారు. ఆమె నాకు అట్లాగే అందించింది.

"పదిహేడో పేరా సార్."

చదివాను. నా వాక్యం అక్కడే ఉంది. పేరుకున్న కోపం, చల్లబడే సమయం, మినహాయింపు, అన్నీ ఉన్నాయి. గెలిచినవాడిలా తల ఎత్తాను.

"ఉంది కదమ్మా, ఇదేగా నేను చెప్పింది?"

"మొదటి లైను చదవండి సార్."

ఆ పేరా మొదటి లైనులో, ముద్దాయి తరఫు న్యాయవాది మా ముందు ఈ కింది విధంగా వాదించారు, అని ఉంది.

"ఇప్పుడు ఇరవై ఒకటి సార్." ఆమె వేలు కిందకు జరిగింది.

ఇరవై ఒకటో పేరాలో ఈ వాదనను మేము అంగీకరించలేం అని ఉంది. ఆ తర్వాత అరపేజీ, ఎందుకు అంగీకరించలేరో. నేను దాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి కూడా అదే ఉంది.

ప్లీడరు చెప్పిన మాటను కోర్టు చెప్పిన మాటగా ఉదహరించడం, తీర్పులను ఎత్తి రాసేటప్పుడు విద్యార్థులు చేసే తప్పుల్లో అన్నిటికన్నా నీచమైనదని నేను ప్రతి ఏడూ మొదటి క్లాసులో చెప్తాను. పేరా ఎవరి గొంతుతో నడుస్తోందో చూడండి, వాదన ఎక్కడ ఆగింది, తీర్పు ఎక్కడ మొదలైంది అని చూడండి, పైన ఎడిటరు రాసిన సారాంశం తీర్పు కాదు అని బల్ల గుద్ది మరీ చెప్తాను. బల్ల గుద్దడానికి కూడా ఒక అర్హత ఉండాలని అప్పుడు తట్టలేదు.

"మరి ఆ నలభై మంది ఎక్కడ చూసి రాశారు?" అన్నాను. గొంతు కొంచెం తగ్గింది.

ఆమె సంచిలోంచి జిరాక్సు కాగితాల కట్ట తీసింది. మరీ పాతది, ఎన్ని జిరాక్సులకు జిరాక్సో, అక్షరాల అంచులు అరిగిపోయాయి. గేటు ఎదురుగా అంగడిలో అడిగితే ఇచ్చారట. దస్తూరీ చూడగానే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ దస్తూరీని నేను ప్రతి నెలా బ్యాంకు స్లిప్పు మీద చూస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసిన నోట్సు. ఆరో పేజీలో అదే వాక్యం, చివర 'పదిహేడో పేరా' అని.

ఆ నోట్సు ఎట్లా తయారైందో నాకు బాగా గుర్తుంది. మర్నాడు మొదటి క్లాసు. బార్ లైబ్రరీ తాళం చెవి ఉన్నాయన పెళ్ళికి కణేకల్లు పోయాడు. బజార్లో దొరికిన ఒక గైడు తెచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. రేపు తీర్పు చూసి సరిచూసుకుందాం అనుకున్నాను. ఆ రేపు ఇరవై రెండేళ్ళ తర్వాత, ఒక గుమాస్తా చేతుల మీదుగా వచ్చింది.

అంతటితో పోతే బాగుండేది. ఆ పదిహేడో పేరాను నేను సెషన్స్ కోర్టులో రెండుసార్లు వాదనలో చదివాను. రెండుసార్లూ జడ్జిగారు నోట్ చేసుకున్నారు, అవతలి పబ్లిక్ ప్రాసిక్యూటరు గారు గంభీరంగా తల ఊపారు. పుస్తకం ఎవరూ అడగలేదు. రెండు కేసుల్లోనూ నా కక్షిదారుకు శిక్ష పడింది. జడ్జిగారు గదిలోకి పోయి పుస్తకం తెరిచి ఉంటారా అని ఆ వరండాలో మొదటిసారి అనుమానం వచ్చింది. సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

"సార్, లిస్టు యూనివర్సిటీకి ఈ దినమే అయిదు గంటలకు పంపుతారంట," అని ఆమె గుర్తుచేసింది.

ఆమె తన సీనియరు పనులు ముగించుకుని, ఇద్దరం కాలేజీకి పోయేసరికి నాలుగు దాటింది. ప్రిన్సిపాల్ గారు రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న మనిషి, ఎవరి మాటనూ రెండు నిమిషాలకు మించి వినరు.

"మార్కులు మార్చల్లంటే కారణం రాసియ్యప్పా. ఊరికే మార్చితే రేపు నలభై మంది వస్తారు," అన్నారు.

కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఇట్లాంటి కాగితాలు రాయడంలో మా వృత్తికి ఉన్న ప్రతిభ ఇంకెవరికీ లేదు. 'మూల్యాంకనంలో దొర్లిన సాంకేతిక కారణాల వల్ల సదరు విద్యార్థిని మార్కులను సవరించవలసిందిగా' అని అందమైన వాక్యం వచ్చింది. దాంట్లో తప్పు ఎవరిదో, ఏమిటో, ఎంత వెతికినా దొరకదు. నేను తృప్తిగా చదువుకుని ప్రిన్సిపాల్ గారి ముందుకు తోశాను.

తలుపు దగ్గర నిలబడిన ఆమె, "సార్, నేను ఒకసారి చూడొచ్చా?" అంది.

చూసింది. "సార్, ఇందులో ఏది తప్పో లేదు. రేపు ఎవరన్నా ఈ కాగితం చూస్తే, మీరు దయ తలచి నాకు మార్కులు కలిపినారని అనుకుంటారు. నేను అడిగింది అది కాదు సార్."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి, "ఏమప్పా, పాప చెప్పేది కరెక్టే కదా," అన్నారు. రెండు నిమిషాలు ఇంకా పూర్తి కాలేదు.

ఆ గదిలో నా వయసు, నా కోటు, నా ఇరవై రెండేళ్ళు అన్నీ నన్ను చూస్తున్నట్టే ఉన్నాయి. కోపం కూడా వచ్చింది, అబద్ధం చెప్పను. గుమాస్తా నాకు డ్రాఫ్టింగ్ నేర్పుతోందా అనిపించింది. ఆ కోపంతోనే ఇంకో కాగితం తీసి రాశాను. 'ఈ విద్యార్థిని తన వ్యాసంలో తీర్పును సరిగ్గా ఉదహరించింది. నేను దాన్ని తప్పని దిద్దాను. నా లెక్చర్ నోట్సులో న్యాయవాది వాదనను కోర్టు తీర్పుగా చూపాను. మిగతా విద్యార్థులు నా నోట్సునే అనుసరించారు కాబట్టి వాళ్ళ మార్కులు తగ్గించడానికి నాకు హక్కు లేదు.' సంతకం పెట్టబోయాను.

"సార్, నోట్సులో యాడ అనేది రాయలేదు," అంది ఆమె.

రాశాను. 'నా నోట్సు, ఆరో పేజీ, మూడో పేరా. పోల్చిచూడవలసినది సదరు తీర్పు, పేరాలు పదిహేడు, ఇరవై ఒకటి.' రాసే ముందు ఆమె చేతిలోని జిరాక్సు అడిగి తీసుకుని, పేజీ నంబరు, పేరా నంబరు నా కళ్ళతో నేను లెక్కపెట్టుకున్నాను. ఆ పని నాకు అలవాటు లేదు కాబట్టి కొంచెం ఆలస్యమైంది. ఇద్దరూ ఓపిగ్గా ఆగారు.

ఆరును కొట్టేసి పదహారు చేశాను. ప్రిన్సిపాల్ గారు ముద్ర కొట్టారు. గుమాస్తాలకు పని అయిపోయిందంటే వెంటనే నమస్కారం పెట్టి వెళ్ళిపోవడం అలవాటు. ఆమె వెళ్ళలేదు.

"సార్, ఈ కాగితం ఒక జిరాక్స్ తీసుకుంటాను."

"లిస్టు సరిచేశాం కదమ్మా, ఇంకెందుకు?"

"నాకు కాదు సార్. ఆ అంగడాయన మీ నోట్సు ఇంకా అమ్ముతాండాడు. దాని మీద ఇది పిన్ను కొట్టి ఇవ్వమని చెప్తాను."